పచ్చబొమ్మ ఆగినంత సేపు

ఆ వీడియో పదకొండు సెకన్లు ఉంటుంది. అందులో మా అక్క రోడ్డు మధ్యలో ఉంటుంది. ఎడమ చేతిలో గుడ్డసంచి, కుడి చేతిలో కొంగు. సిగ్నల్ స్తంభం మీద నడిచేవాళ్లను ఆగమనే ఎర్రబొమ్మ వెలుగుతుంటుంది. అప్పుడే గీత దగ్గర్నుంచి కదులుతున్న ఒక లారీ, దాని పక్కన రెండు ఆటోలు, సందుల్లో మోటారు సైకిళ్లు. అన్నీ ఆమె మీద హారన్లు కొడుతుంటాయి. ఆమె ఒక అడుగు ముందుకేసి, ఆగి, వెనక్కి చూసి, మళ్లీ ముందుకేస్తుంది. దాని మీద పసుపు అక్షరాల్లో "ఎర్ర లైటు పడ్డాక రోడ్డెక్కకండి" అని రాశారు. కింద జనం నవ్వే బొమ్మలు పెట్టారు.

నేను దాన్ని మొదట చూసింది తాండూరు మార్కెట్ యార్డులో, కందుల కుప్పల మధ్య. నేను దడవాయిని, అంటే రైతులు తెచ్చిన ధాన్యాన్ని తూకం వేసేవాణ్ణి. పక్క కాంటా దగ్గరి హమాలీ ఫోను నా ముఖం ముందు పెట్టి, "అన్నా, గీమె మీ అక్క లెక్కుంది జూడు" అన్నాడు. లెక్కుండటం కాదు, ఆమే. ఆ పూట నేను వేసిన తూకాలన్నీ రెండోసారి సరిచూసుకోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్లకు పైబడిన నా పనిలో అలా ఎప్పుడూ జరగలేదు.

వికారాబాద్‌లో రోడ్డు భద్రత మాసోత్సవాలు జరుగుతున్నాయి. ట్రాఫిక్ చూసే అధికారి తన మనుషుల చేత అలాంటి వీడియోలు తీయించి ఊళ్లోని గ్రూపులన్నిటికీ పంపిస్తున్నాడు. హెల్మెట్ లేనివాడు ఒకడు, ముగ్గురు ఎక్కిన బండి ఒకటి, మా అక్క. ఏ చౌరస్తానో, ఆ అధికారి ఎవరో నేను చెప్పను. నాకు తెలుసు, ఆయనకు తెలుసు, అది చాలు.

మా అక్క నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నన్ను ఎత్తుకుని పెంచింది ఆమె. రేషన్ దుకాణం ముందు వరసలో ఎవరైనా జొరబడితే చేయి పట్టి వెనక్కి పంపే మనిషి. రైల్లో మనవరాలికి టికెట్ వయసు ఇంకా రాలేదని కూతురు చెప్తే, వచ్చిందని తానే చెప్పి టికెట్ కొన్న మనిషి. ఆమెను తీసుకుపోయి హెల్మెట్ లేనివాడి పక్కన నిలబెట్టారు.

ఆదివారం పొద్దున రైలెక్కి వికారాబాద్ పోయాను. అక్క ఇంట్లోనే ఉంది. ఆమె ఇంట్లో ఉండాల్సిన వేళ కాదది. రోజూ ఆ వేళకు రోడ్డవతలి గల్లీలో ఉండే తన స్నేహితురాలి ఇంటికి పోతుంది, ఉర్దూలో అక్క అన్నట్టు ఆమెను అందరం ఆపా అంటాం. ఆపా, అక్క చిన్నతనంలో తాండూరు పప్పు మిల్లులో ఒకే జల్లెడకు చెరోవైపు కూర్చుని పని చేశారు. పెళ్లిళ్లయి ఇద్దరూ ఇదే ఊరికి వచ్చారు. ఇప్పుడు ఆపా కళ్లలో నీటి ఒత్తిడి పెరిగింది. రోజూ వేళ తప్పకుండా చుక్కలు వేయకపోతే ఉన్న చూపు కూడా పోతుందని, పోయింది మళ్లీ రాదని డాక్టరు చెప్పాడు. ఆమె కొడుకు ఆటో నడుపుతాడు. పొద్దున చీకటితో పోయేటప్పుడు ఒకసారి వేస్తాడు. పది గంటల చుక్కలు మాత్రం అక్క వేయాలి. ఆపా చేతులు వణుకుతాయి, తానే వేసుకుంటే మందు చెంప మీద పడుతుంది.

"ఎన్ని దినాలాయె పోక?" అని అడిగాను.

వీడియో వచ్చిన రోజు నుంచీ పోలేదంది. పాలు పోసే ఆయన కూడా నవ్వుకుంటూ అడిగాడట, సిగ్నల్ అమ్మ నువ్వేనా అని.

"పచ్చబొమ్మ జూసినంకనే కాలు కింద పెట్టిన తమ్మీ," అంది. చెప్పిందే చెప్పే అలవాటు ఆమెకు లేదు. నేను నమ్ముతానా లేదా అని నా ముఖం వైపు కూడా చూడలేదు. అప్పుడు పట్టుకుంది నన్ను. కోపం కాదు. కోపం సాయంత్రానికి దిగుతుంది. ఇది దిగలేదు.

ఆ అధికారి కూడా రోడ్డు మధ్యలో అలాగే నిలబడాలి, అలాగే జనం చూడాలి అనుకున్నాను. అంతకు తక్కువ ఏదీ వద్దనుకున్నాను.

ముందు నేను లెక్క తేల్చుకోవాలి. చదువు ఏడో తరగతితో ఆగింది కానీ లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. తూకంలో తేడా వస్తే అరిచేవాడు ఓడిపోతాడు, కాంటా మీద రాయి పెట్టి చూపించేవాడు గెలుస్తాడు. ఆ చౌరస్తాకు పోయి టేపు పెట్టి కొలిచాను. అక్కడ డ్యూటీలో ఉన్న హోంగార్డు, నడి వయసు మనిషి, టేపు రెండో కొన తానే పట్టుకున్నాడు. ఈ కాలిబాట అంచు నుంచి ఆ అంచుకు అరవై మూడు ఫీట్లు. ఇదివరకు ఇది ఇందులో సగం కూడా లేదు. వెడల్పు చేసి మధ్యలో డివైడర్ కట్టారు. సిగ్నల్ పెట్టారు. నాలుగు వైపులా బండ్లను ఆపి, నడిచేవాళ్లకు పచ్చబొమ్మ వేస్తారు. అది ఎంతసేపు ఉంటుందో ఫోన్లో చూశాను. మెరిసే భాగంతో కలిపి ఇరవై సెకన్లు. పదిసార్లు చూశాను, పదిసార్లూ ఇరవయ్యే.

"ముందుగాల ఇరవై ఎనిమిది ఉండె అన్నా," అన్నాడు హోంగార్డు, గొంతు తగ్గించి. తాండూరు నుంచి వచ్చే బండల లారీలు, సిమెంటు లారీలు వెనక బారులు తీరుతున్నాయని, ట్రాఫిక్ చూసే పెద్దసారు బండి కూడా రెండుసార్లు ఆగిపోయిందని, ఆ సారే సిగ్నల్ కంపెనీ మనిషిని పిలిపించి డబ్బా తెరిపించి తగ్గించాడట. డబ్బా అంటే స్తంభం పక్కన ఉండే ఇనుప పెట్టె. అందులో అంకె నొక్కితే సరిపోతుంది. పొద్దున తగ్గిస్తే మధ్యాహ్నానికి లారీల బారు తగ్గిందట, అందరూ సంతోషించారట.

ఎనిమిది సెకన్లు. ఎవరి దగ్గర్నుంచి తీశారో ఎవరూ అడగలేదు.

ఇక అక్క నడక. ఆమెను రైల్వే స్టేషనుకు తీసుకుపోయాను. ప్లాట్‌ఫారం చివర జనం ఉండరు, నేల సమంగా ఉంటుంది. టేపుతో అరవై మూడు ఫీట్లకు గీత గీసి, ఫోను పట్టుకుని నిలబడి నడవమన్నాను. ఇరవై నాలుగు సెకన్లు. పచ్చబొమ్మ చూసి, ఎత్తు అంచు నుంచి స్తంభం పట్టుకుని కిందికి దిగడానికి ఆమెకు నాలుగు సెకన్లు పడుతుంది, అదీ దారిలో చూశాను. మొత్తం ఇరవై ఎనిమిది. అచ్చం ఆయన తగ్గించక ముందు ఉన్న అంకె. ఇంతకంటే సూటిగా ఎవరి తప్పునైనా పట్టుకోగలమా? పాత అంకె మళ్లీ పెట్టండి, వీడియో తీసేయండి, తప్పయిందని అదే గ్రూపులో రాయండి. అర్జీలో మూడు ముక్కలు.

ఆ సంగతి చెబుదామని ఆపా ఇంటికి పోయాను. ఆమె మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎన్నడూ చేయని పని, చుక్కలు నేనే వేశాను. అంతా విని నవ్వింది.

"ఇరవై నాలుగా? మీ అక్కనా? అరె తమ్మీ, నువ్వు ఫోను పట్టుకోని నిలవడితె ఆమె ఉరికింది. మిల్లుల సేటు వచ్చి నిలవడితె గంపలెట్ల లేస్తుండె? సేటు పోయినంక ఎట్ల లేస్తుండె? నువ్వు సేటువైనవ్, అంతే."

కాంటా దగ్గర నేను రోజూ చూసేదే. మనిషిని కొలుస్తున్నామని తెలిస్తే మనిషి మారిపోతాడు, బస్తా మాత్రమే మారదు. ఇరవై ఎనిమిది రాసిచ్చి ఉంటే ఆయన నవ్వుకుంటూ ఇరవై ఎనిమిది పెట్టేవాడు. అక్క మళ్లీ రోడ్డు మధ్యలో దొరికిపోయేది. ఈసారి నా అంకెతోనే.

రెండో వారం అక్కకు చెప్పకుండా వచ్చాను. ఆమె కూరగాయలకు పోయే దారిలో ఒక బడి ప్రహరీ ఉంది. దానికి పది ఫీట్లకొక స్తంభం. ఎదుటి వరసలో చాయ్ హోటల్ అద్దం వెనక కూర్చుని ఆమె వచ్చేదాకా ఎదురు చూశాను. సంచితో వచ్చింది, ఎడమ మోకాలు కొంచెం బయటికి విసురుతూ. స్తంభం నుంచి స్తంభానికి ఐదు సెకన్లు. మళ్లీ ఐదు. ఒకచోట ఆరు. సెకనుకు రెండు ఫీట్లు. అంతే ఆమె నడక. చూసేవాళ్లు లేనప్పుడు మా అక్క ఇంత నెమ్మదిగా నడుస్తుందని యాభై దాటిన నాకు ఆరోజే తెలిసింది. చాయ్ సల్లారిపోయింది.

అరవై మూడు ఫీట్లకు ముప్పై ఒకటిన్నర సెకన్లు, దిగడానికి నాలుగు. ముప్పై ఐదున్నర. ఇరవై సెకన్లలో నాలుగు పోతే పదహారు, ఆ పదహారులో ఆమె నడిచేది ముప్పై రెండు ఫీట్లు. అంటే సగం దాటి అర ఫీటు. ఫోన్లో వాళ్ల వీడియో మళ్లీ చూశాను. ఎర్రబొమ్మ పడ్డప్పుడు ఆమె సరిగ్గా అక్కడే ఉంది, డివైడర్ దాటి మొదటి అడుగులో. లారీ అప్పుడే గీత నుంచి కదులుతోంది. ఆమె ఎర్రలైటు పడ్డాక దిగి ఉంటే లారీ కదిలే వేళకు ఇంకా అంచు దగ్గరే ఉండేది. మధ్యకు చేరాలంటే ఆమెకు ఆ పదహారు సెకన్లు కావాలి. ఆమె మాట నిజమని వాళ్ల వీడియోనే చెబుతోంది.

అర్జీ రాసుకుని పోయాను. ఆ అధికారి చదివాడు, చదవలేదని అనను. మర్యాదగానే మొదలుపెట్టాడు. మనిషి సెకనుకు నాలుగు ఫీట్లు నడుస్తాడని లెక్క ఉందట, ఆ లెక్కన పదహారు సెకన్లు చాలట, ఇంకో నాలుగు దయతో ఇచ్చారట. ఆ లెక్క అబద్ధం కాదు. నేను అలాగే నడుస్తాను. ఆయనా అలాగే నడుస్తాడు. అక్కకు దానికి రెట్టింపు పడుతుందన్నాను. డివైడర్ దగ్గర ఆగి మళ్లీ పచ్చబొమ్మకు పోవచ్చు కదా అన్నాడు. ఆగే సందులో మీ ఫ్లెక్సీ కట్టారు సార్ అన్నాను. నిజమే, నడిచేవాళ్ల కోసం డివైడర్లో వదిలిన జాగాలో రోడ్డు భద్రత ఫ్లెక్సీ, దాని మీద ఆయన నిలువెత్తు ఫోటో. పక్కన ఒక మనిషి దూరేంత సందు ఉంది, నిలబడేంత లేదు.

అక్కడ ఆయన ముఖం మారింది.

"ఊర్ల ఉన్న ముసలోళ్లందరికి ఒక్కొక్క సిగ్నల్ పెట్టాల్నా? నడువరాకపోతె ఇంట్ల కూసోవెట్టుకో. తాండూర్ల కాంటా కొట్టుకునేటోనివి, నాకు టైమింగ్ నేర్పుతవా?"

అర్జీ నా వైపు తోశాడు. మడిచి జేబులో పెట్టుకుని నమస్తే చెప్పి బయటికి వచ్చాను. ఆ మాటలు నాకు ఉపకారం చేశాయి. అప్పటిదాకా ఎక్కడో కొంచెం అనుమానం ఉండేది, పాపం ఆయనకూ లారీల బాధ ఉంది కదా అని. అది పోయింది.

ఆయన బలహీనత ఏమిటో ఆ ఫ్లెక్సీయే చెప్పింది. మాసోత్సవాల ఆఖరి రోజు అధికారి ఎవరైనా ఒక ముసలావిడ చేయి పట్టి రోడ్డు దాటించే ఫోటో పేపర్లో వస్తుంది. ఏటా వస్తుంది. ఆ ఫోటో కోసం ఏటా ఒక ముసలావిడను వెతుకుతారు. నాకు తెలిసిన ఒక విలేకరి ఉన్నాడు, వాళ్ల నాన్న కందులు నేనే తూచేవాణ్ణి. అతనితో చెప్పాను, వీడియోలో ఉన్న ఆమెనే సారు దాటిస్తే ఎంత బాగుంటుంది, తప్పు చేసిన ఆమెకే రూల్ నేర్పినట్టు ఉంటుంది కదా అని. "అన్నా, నీ కడుపుల ఏదో ఉన్నది," అన్నాడు. ఇంకేమీ అడగకుండానే పోయి సారుకు చెప్పాడు. సారుకు అది మస్తు నచ్చింది.

అలాంటి ఫోటోలకు మామూలుగా కానిస్టేబుళ్లు రెండువైపులా బండ్లు ఆపుతారు. అలా ఆపితే నా పని చెడుతుంది. అందుకని విలేకరి చేత ఇంకో మాట చెప్పించాను. చేత్తో ఆపితే పాత కాలంలా ఉంటుంది, కొత్త సిగ్నల్ తనంతట తాను పని చేస్తున్నట్టు వీడియోలో పడాలి అని. సారు దానికీ సరేనన్నాడు. తన సిగ్నల్ మీద ఆయనకు అంత నమ్మకం. ఇరవై సెకన్లు చాలని ఆయన నిజంగానే నమ్మాడు. అబద్ధమాడేవాడైతే జాగ్రత్త పడి ఉండేవాడు.

జాగ్రత్త నేను పడ్డాను. హోంగార్డును గీత ముందు, మొదటి బండికి అడ్డంగా నిలబడమన్నాను. ఎర్రబొమ్మ పడ్డా వాళ్లు అవతలికి చేరేదాకా కదలొద్దన్నాను. సంగతి అర్థమైంది అతనికి. "నా నౌకరి పోతె మీ కాంటా దగ్గర వెట్టుకుంటవా అన్నా?" అని నవ్వాడు. కానీ నిలబడ్డాడు. వాళ్లమ్మ కూడా ఆ రోడ్డే దాటాలి.

మిగిలింది అక్క. ఆమెకు సగమే చెబుదామనుకున్నాను. సారు చేయి పట్టుకుని దాటిస్తాడు, నువ్వు కూరగాయలకు పోయినట్టు నడువు, ఎవరినీ చూడకు, ఉరకకు అన్నాను. ఆమె చింతపండు గింజలు తీస్తూ తల ఎత్తలేదు.

"ఆయనను నడుమల నిలవెట్టాల్నని గదా నీ సోకు," అంది.

నేను గింజల పళ్లెం ఆమె వైపు జరిపాను.

"ఆపాకు మందు వెయ్యనీకె పోతున్న. నీ పగకు గాదు." గింజ ఒకటి పళ్లెంలో వేసింది. "గని ఉరుక. నువ్వు జూస్తున్నా ఉరుక."

స్టేషన్లో ఉరికిన సంగతి ఆమెకు తెలుసని అప్పుడే అర్థమైంది.

ఆఖరి రోజు ఉదయం పదికి కొంచెం ముందు. సారు ఇస్త్రీ బట్టల్లో వచ్చాడు. విలేకరులు అవతలి అంచున నిలబడ్డారు, నేను వాళ్ల వెనక. అక్క గుడ్డసంచి భుజానికి తగిలించుకుంది. సారు ఆమె మోచెయ్యి పట్టుకుని కెమెరాల వైపు నవ్వాడు. బండ్లు ఆగాయి. పచ్చబొమ్మ వెలిగింది.

సారు వెంటనే రోడ్డు మీదికి అడుగేశాడు. అక్క ఇంకా స్తంభం పట్టుకుని కాలు కిందికి వెతుక్కుంటోంది. ఆయన చేయి చాచుకుని ఆగాల్సి వచ్చింది. నాలుగు సెకన్లు. నడక మొదలైంది. మొదటి పది ఫీట్లు ఆయన ముఖంలో నవ్వు ఉంది. ఆ తర్వాత ఆయన, మిగిలిన సెకన్లు చూపే అంకెల పలక వైపు చూశాడు. అది తొమ్మిది చూపిస్తోంది, వాళ్లు ఇంకా డివైడర్ కూడా చేరలేదు. ఆయన చేయి కొంచెం బిగిసింది. అక్క నడక మారలేదు. అంతమంది చూస్తుండగా, నేనూ చూస్తుండగా, ఆమె బడి ప్రహరీ పక్కన నడిచినట్టే నడిచింది. ఫోన్లో లెక్క చూడాల్సిన నేను చూడటం మర్చిపోయాను.

పచ్చబొమ్మ మెరవడం మొదలుపెట్టింది. సారు ఫ్లెక్సీ పక్క సందులో తన ఫోటోకు తానే భుజం తగిలించుకుని ఇవతలికి వచ్చాడు, వెనక అక్క. అప్పుడే ఎర్రబొమ్మ పడింది.

హారన్లు లేచాయి. హోంగార్డు లారీ ముందు చేతులు చాచి నిలబడ్డాడు. ఒక మోటారు సైకిల్ అతని పక్క నుంచి తప్పించుకుని వాళ్ల ముందు నుంచే దూసుకుపోయింది. ఇది నా లెక్కలో లేదు. సారు ఉలిక్కిపడి అక్క చెయ్యి గట్టిగా లాగాడు. ఆమె ఎడమ మోకాలు వంగింది. పడిపోతుందనుకున్నాను. నేను రోడ్డు మీదికి దిగాను కూడా. కానీ ఆమె ఆయన చొక్కా పట్టుకుని నిలదొక్కుకుంది. నిలదొక్కుకుని అక్కడే ఆగింది. రోడ్డు మధ్యలో, కదిలే బండ్ల ముందు, ట్రాఫిక్ అధికారిని చొక్కా పట్టుకుని.

"నన్నెందుకు గుంజుతవ్ కొడుకా," అంది. గడ్డంతో సిగ్నల్ స్తంభం చూపించింది. "దాన్ని గుంజు. జరంత పొడుగు గుంజు."

విలేకరుల్లో ఒకడు ముందు నవ్వాడు. ఆ తర్వాత ఆటోలవాళ్లు. సారు ఒక చేయి ఎత్తి బండ్లను ఆపుతూ, ఇంకో చేత్తో మా అక్కను పట్టుకుని, తన సిగ్నల్ ఎర్రగా వెలుగుతుండగా, మిగతా సగం రోడ్డు సెకనుకు రెండు ఫీట్ల చొప్పున నడిచాడు. ఇంకా పదిహేను సెకన్లకు పైగా. ఆ ప్రతి సెకనూ నేను చూశాను. కండ్లు ఆర్పలేదు. ఆయన మెడ దగ్గర చెమట ఇస్త్రీ కాలరు మీదికి దిగడం చూశాను. అంచు ఎక్కాక అక్క ఆయన చెయ్యి విడిపించుకుని, కొంగు సర్దుకుని, కెమెరాల వైపు చూడకుండా ఆపా గల్లీలోకి పోయింది. మందు వేళ అప్పటికే దాటిపోయింది.

ఆ వీడియో నేను ఎవరికీ పంపలేదు. పంపాల్సిన అవసరం రాలేదు, నలుగురు తీశారు. సాయంత్రానికి అది తాండూరు యార్డులో కూడా తిరిగింది. పక్క కాంటా హమాలీ మళ్లీ ఫోను నా ముఖం ముందు పెట్టాడు. ఈసారి నేను రెండుసార్లు చూశాను. దాని మీద ఎవరో ఆయన రాయించిన మాటే పసుపు అక్షరాల్లో పెట్టారు: ఎర్ర లైటు పడ్డాక రోడ్డెక్కకండి. నేను కాదు. నాకంటే ముందే ఎవరికో తట్టింది.

రెండు రోజుల తర్వాత కంపెనీ మనిషి వచ్చి డబ్బా తెరిచాడని హోంగార్డు ఫోన్ చేశాడు. సారు దగ్గరుండి నొక్కించాడట. అంకె అడిగితే, "గా తాండూరాయన అర్జీల ఎంతున్నదో గంత" అన్నాడట. అర్జీ నాకే తిప్పి కొట్టాడు, కానీ అంకె గుర్తు పెట్టుకున్నాడు. నేను రాసింది నలభై. ముప్పై ఐదున్నర కావాలి, నాలుగున్నర చేతిలో ఉండాలి. తూకం వేసేటప్పుడు కాంటా కొంచెం ఆగాకే అంకె చెబుతాం, అలా. ఫ్లెక్సీ కూడా తీసేశారు. అక్క పాత వీడియో గ్రూపులో నుంచి మాయమైంది. తప్పయిందని మాత్రం ఎవరూ రాయలేదు. నేను ఇంకా ఆ ఒక్క మాట కోసం కాచుకునే ఉన్నాను. అది రాదని తెలుసు. రాకపోతే నాకు పోయేదేమీ లేదు, పగ ఉంచుకుంటాను.

ఆపా ఎడమ కంటి చూపు కొంచెం తగ్గిందని డాక్టరు చెప్పాడు. మందు ఆగిన ఆ రోజుల వల్లేనా అంటే ఖాయంగా చెప్పలేనన్నాడు. అది ఏ లెక్కలో వేయాలో నాకు తెలియదు. ఆ అధికారి ఖాతాలోనే వేసుకున్నాను.

నెల తర్వాత ఒక ఆదివారం అక్కతో పాటు ఆ చౌరస్తాకు పోయాను. నేను ఆమె వెనకే, చేయి పట్టుకోకుండా. పచ్చబొమ్మ పడింది. ఆగిన బండ్లలో అన్నిటికంటే ముందు ఆ అధికారి జీపు ఉంది. ఆయన ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూశాడు. చూడనట్టు ఫోను తీశాడు. డ్రైవరు స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తున్నాడు. వెనక లారీల బారు ఎక్కడిదాకా ఉందో కనబడలేదు.

అక్క నడిచింది. పది ఫీట్లకు ఐదు సెకన్లు. ఆమె జీపు ఎదురుగా వచ్చేసరికి పలక మీద పదహారు ఉంది, ఆమెకు ఇంకా పదకొండున్నర చాలు. ఆమెకు లెక్కలు రావనే అనుకునేవాణ్ణి. జీపు బానెట్ ముందు అక్క ఆగింది. భుజం మీది సంచి తీసి ఇంకో భుజానికి మార్చుకుంది. కొంగు కొస తీసి నడుముకు దోపుకుంది. అద్దంలో నుంచి లోపలికి ఒకసారి చూసింది. ఆ తర్వాత నడిచింది.

అంచు ఎక్కాక పచ్చబొమ్మ ఇంకా వెలుగుతూనే ఉంది.